అమెరికాలో మొదటి అద్దె ఇల్లు: పాత సామానుతో ఎలా సర్దుకోవాలి?

ఆగస్టు మధ్యలో రిచర్డ్‌సన్‌లోనో, ఆర్లింగ్టన్‌లోనో, డెంటన్‌లోనో లీజు మీద సంతకం పెట్టి తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు. తలుపు తీశారు. లోపల ఏముంది? కింద కార్పెట్, పైన ఏసీ గాలి, వంటింట్లో స్టవ్, ఫ్రిజ్. అంతే. మంచం లేదు, కుర్చీ లేదు, బాత్‌టబ్‌కు కర్టెన్ లేదు. రాత్రయ్యాక స్విచ్ వేస్తే హాల్లో లైటు కూడా వెలగదు. టెక్సాస్‌లో చదువుకోవడానికి వెళ్లే మన పిల్లల్లో చాలామందికి మొదటి ఇల్లు ఇలాగే ఎదురవుతుంది.

అప్పుడు చేసే పని ఏమిటి? చేతిలో ఉన్న డాలర్లు పట్టుకుని ఒక్క వారంలో ఇల్లంతా నింపేయాలని చూస్తాం. డబ్బు పోయేది అక్కడే. మొదటి వారం తొందరలో కొన్న సోఫా తలుపులోంచి పట్టదు. ఉచితంగా దొరికిందని తెచ్చిన పరుపులో నల్లులుంటాయి. సీనియర్ల దగ్గర కొన్న ‘మొత్తం ప్యాకేజీ’లో సగం మనకు అక్కరలేనివే.

పాత సామానుతో హాయిగా ఉండే ఇల్లు సర్దుకోవడం ఏమంత కష్టం కాదు. కాకపోతే దానికో వరుస ఉంది. ముందు పడక, స్నానం, వంట. తర్వాత చదువుకునే బల్ల, వెలుతురు. హాలు అన్నిటికన్నా చివర. ఈ వరుస పాటిస్తూ ఆరు వారాల్లో మనిషికి సుమారు 250 డాలర్లతో ఇల్లు ఎలా సర్దుకోవచ్చో ఈ అధ్యాయంలో చూద్దాం.

1. మొదటి మూడు రోజులకు కావలసినవి మాత్రమే కొనండి

మొదటి రాత్రి మీకు నిజంగా ఏం కావాలి? పడుకోవడానికి మెత్తటి చోటు, స్నానానికి ఏర్పాటు, అన్నం వండుకునే గిన్నె.

పరుపు మాత్రం కొత్తదే కొనండి. మిగతావన్నీ పాతవైనా ఫర్వాలేదు కానీ ఇక్కడ బేరం వద్దు. ట్విన్ సైజు పరుపు 38 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు ఉంటుంది. అంటే ఆరడుగుల మూడంగుళాలు, ఒక మనిషికి హాయిగా సరిపోతుంది. చుట్టచుట్టి పెట్టెలో వచ్చే ఫోమ్ పరుపు నూరు డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. అది వచ్చేదాకా ఇంటి నుంచి తెచ్చుకున్న బొంత కార్పెట్ మీద పరుచుకుని పడుకుంటే సరిపోతుంది.

షవర్ కర్టెన్, దాని ఉంగరాలు కూడా మొదటి రోజే కొనాలి. అక్కడి బాత్రూముల్లో టబ్ బయట నేల మీద నీళ్లు పోయే తూము సాధారణంగా ఉండదు. కర్టెన్ లేకుండా స్నానం చేస్తే నీళ్లు బయటికి చిమ్ముతాయి, నేల ఉబ్బుతుంది, కింది ఇంట్లోకి కారినా కారుతాయి. ఆ ఖర్చు చివరికి మీ డిపాజిట్‌లోంచే పోతుంది. స్నానం చేసేటప్పుడు కర్టెన్ అంచు టబ్ లోపలికి వేలాడాలి, బయటికి కాదు.

వంటకు కుక్కర్ ఇంటి నుంచి తెచ్చుకుంటే చాలు, ఒకటి రెండు రబ్బరు గాస్కెట్లు అదనంగా పెట్టుకోండి. మిక్సీ మాత్రం తేవద్దు. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ఇక్కడి మిక్సీ అక్కడ నీరసంగా తిరుగుతుంది, పప్పు నలగదు. దాన్ని నడిపేంత శక్తి ఉన్న కన్వర్టర్ కొంటే అది బరువు, ఖర్చు రెండూ. ఇండియన్ షాపుల్లో 110 వోల్టుల మిక్సీలు దొరుకుతాయి. చదువు అయిపోయి వెళ్లే సీనియర్ల దగ్గర అవే సగం ధరకు వస్తాయి. స్టవ్ పైన గాజు పలక ఉంటే గుండ్రటి అడుగున్న బాణలి సరిగా వేడెక్కదు. చదును అడుగున్నది చూసుకోండి.

2. ఎక్కడ వెతకాలి? ఎప్పుడు వెతకాలి?

యూనివర్సిటీ ఊళ్లలో సామాను దొరికే కాలం ఒకటుంది. మే నెలలో చదువు ముగించుకున్నవాళ్లు వెళ్తారు. జూలై చివర, ఆగస్టు మొదట్లో పాత లీజులు ముగుస్తాయి. డిసెంబరులో ఇంకో విడత. ఆ రోజుల్లో అమ్మేవాళ్లకు డబ్బు కన్నా ఇల్లు ఖాళీ చేయడమే ముఖ్యం. అదే ఆగస్టు చివరికి కొత్తగా వచ్చిన వందల మంది ఒక్కసారిగా వెతకడం మొదలుపెడతారు, ధరలు పెరుగుతాయి. అందుకే హాల్లోకి కావలసినవి సెప్టెంబరు రెండో వారం దాకా ఆగి కొంటే లాభం. తొందర తగ్గుతుంది, మిగిలిపోయిన సామాను ధర దిగుతుంది.

వెతికే చోట్లు నాలుగు రకాలు. మొదటిది మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు. ‘మూవింగ్ సేల్’ అన్న మాట కనిపిస్తే ఆగి చూడండి. రెండోది ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఆఫర్‌అప్ లాంటివి. బల్లలు, కుర్చీలు, ల్యాంపులు ఇక్కడ ఎక్కువ. మూడోది దానంగా వచ్చిన వస్తువులు అమ్మే దుకాణాలు. గుడ్‌విల్‌లో గిన్నెలు, కప్పులు, ల్యాంపులు బాగుంటాయి, చాలా శాఖల్లో వారానికో రంగు చీటీ మీద తగ్గింపు ఉంటుంది. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీవాళ్ల రీస్టోర్‌లో గట్టి చెక్క సామాను దొరుకుతుంది. నాలుగోది యూనివర్సిటీ పరిసరాల్లోని చర్చిలు, స్వచ్ఛంద బృందాలు. విదేశీ విద్యార్థులకు ఆగస్టులో ఉచితంగా ఫర్నిచర్ ఇచ్చే కార్యక్రమాలు చాలా ఊళ్లలో జరుగుతాయి. వాటి సంగతి ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడిగితే చెబుతారు.

ఐదో చోటు కూడా ఒకటుంది. అపార్ట్‌మెంట్ చెత్త డబ్బా పక్కన వదిలేసిన సోఫాలు, పరుపులు. వాటి జోలికి వెళ్లకండి. ఎందుకో నాలుగో సూచనలో చూస్తారు.

3. అమ్మేవాళ్లతో ఎలా మాట్లాడాలి?

“ఇది ఉందా?” అని ఒక్క ముక్క పంపితే చాలామంది జవాబివ్వరు. అలాంటి సందేశాలు వాళ్లకు పదులకొద్దీ వస్తాయి. మీ మొదటి సందేశంలోనే మూడు సంగతులు చెప్పండి: ఎప్పుడు రాగలరు, తీసుకెళ్లడానికి బండి ఉందా, డబ్బు ఎలా ఇస్తారు. “శనివారం ఉదయం పది గంటలకు వ్యానుతో వస్తాం, నగదు ఇస్తాం” అన్న మనిషికే వస్తువు దక్కుతుంది.

బేరం ఫోన్‌లోనే ముగించండి. 40 డాలర్ల బల్లను 32కి అడగడంలో తప్పు లేదు. ఇరవైకి అడిగితే మాట అక్కడే తెగిపోతుంది. ధర ఒప్పుకున్నాక గుమ్మం దగ్గర మళ్లీ తగ్గించమంటే అక్కడివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఫొటోలో కనిపించని లోపం ఉంటే మాత్రం చూపించి అడగండి, అది న్యాయమే.

చూడకుండా ఒక్క డాలరు కూడా పంపవద్దు. “చాలామంది అడుగుతున్నారు, అడ్వాన్సు పంపితే మీకోసం ఉంచుతా” అన్నారంటే అనుమానించాలి. “మీరు నిజమైన మనిషో కాదో చూసుకోవాలి, ఫోన్‌కు వచ్చిన ఆరు అంకెల కోడ్ చెప్పండి” అన్నారంటే అది కచ్చితంగా మోసం. ఆ కోడ్‌తో మీ నంబరు మీద వాళ్లు ఖాతా తెరుచుకుంటారు. ఇద్దరు కలిసి, పగటిపూట వెళ్లండి. చిన్న వస్తువైతే జనం తిరిగే చోట కలవమనండి.

4. నల్లుల పరీక్ష చేయకుండా ఏదీ గడప దాటనివ్వకండి

మన పాత సినిమా హాళ్ల కుర్చీల్లో ఉండేవే ఈ నల్లులు. అమెరికా నగరాల్లో ఇవి పెద్ద సమస్య. పెద్ద నల్లి యాపిల్ గింజంత ఉంటుంది, గుడ్డు ఇసుక రేణువు కన్నా కొంచెం పెద్దది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి “ఈ సోఫా ఆరు నెలలుగా గ్యారేజీలో ఖాళీగా ఉంది” అన్నంత మాత్రాన భయం లేనట్టు కాదు. చాలా లీజుల్లో నల్లుల గురించి ఒక పేజీ వేరుగా ఉంటుంది. అవి మీ వల్ల వచ్చాయని తేలితే మందు కొట్టించే ఖర్చు మీదే అని రాసి ఉండవచ్చు. మీ లీజులో ఆ పేజీ ఒకసారి చదవండి.

పరీక్షకు ఫోన్ టార్చి, ఒక పాత ప్లాస్టిక్ కార్డు చాలు. చెక్క సామానైతే సొరుగులు పూర్తిగా బయటికి లాగి, అవి జారే పట్టాల వెంట వెలుతురు వేయండి. స్క్రూ రంధ్రాలు, వెనక అట్ట చెక్కకు అతుక్కునే అంచు, మంచం తలవైపు పలక వెనక భాగం చూడండి. సోఫా అయితే దిండ్లు తీసి, కుట్ల వెంట కార్డు అంచును మెల్లగా జరపండి. తర్వాత సోఫాను వెనక్కి వాల్చి అడుగున ఉన్న నల్ల పల్చటి గుడ్డను, దాన్ని కొట్టిన పిన్నుల వరసను చూడండి. నల్లులకు అది ఇష్టమైన చోటు.

ఏం కనిపిస్తే వదిలేయాలి? సిరా పెన్ను మొన తాకించినట్టు నల్లటి చుక్కలు, తుప్పు రంగు మరకలు, లేత పసుపు రంగులో ఎండిన పొట్టు, సందుల్లో తెల్లటి గుడ్లు. వీటిలో ఒక్కటి కనిపించినా థాంక్స్ చెప్పి వచ్చేయండి. ధర ఎంత తక్కువైనా సరే.

ఏమీ కనిపించకపోయినా బట్టతో చేసిన వస్తువుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కర్టెన్లు, దిండు గలీబులు, సోఫా తొడుగులు నల్ల ప్లాస్టిక్ సంచిలో కట్టి, నేరుగా లాండ్రీ గదికి తీసుకెళ్లి డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి. నల్లి, గుడ్డు రెండూ ఆ వేడికి చస్తాయి. ఉతికితే చాలదు, ఎండలో ఆరేస్తే చాలదు. డ్రయ్యర్ వేడే ముఖ్యం.

మొదటి ఇంటికి బట్టసోఫా కన్నా చెక్క, ఇనుప సామాను మేలనడం ఇందుకే. సందులు తక్కువ, తుడవడం తేలిక, తనిఖీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

5. గట్టిదా కాదా? తలుపులో పడుతుందా లేదా?

ఫొటోలో మెరిసేదంతా గట్టిది కాదు. చవకగా దొరికే చాలా బల్లలు రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలవి. ఒకసారి బిగించినప్పుడు బాగానే ఉంటాయి. విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ రంధ్రాలు వదులవుతాయి. మూడోసారికి నిలబడవు. పట్టుకుని మెల్లగా ఊపి చూడండి. అటూ ఇటూ ఊగితే, అంచుల్లో నీళ్లు తగిలి ఉబ్బినట్టు ఉంటే వద్దు. సొరుగు మూలల్లో చెక్క పళ్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు అతుకు కనిపిస్తే అది పాతదైనా మంచి పనితనం. గీతలున్నా తీసుకోండి.

సోఫాకు తేలికైన పరీక్ష ఒకటుంది. ముందు కాళ్లలో ఒకదాన్ని జానెడు ఎత్తు లేపండి. రెండో ముందు కాలు కూడా తనంతట తాను లేస్తే చట్రం గట్టిగా ఉంది. అది ఇంకా నేలకే అంటుకుని ఉంటే చట్రం మెలితిరుగుతోందన్నమాట. దిండు మీద ముఖం పెట్టి వాసన చూడటానికి మొహమాటపడకండి. సిగరెట్, పెంపుడు జంతువుల వాసన ఫోమ్‌లోకి ఇంకితే ఎంత కడిగినా పూర్తిగా పోదు.

ఇక కొలతలు. ఇంటి నుంచి బయలుదేరే ముందు మూడు కొలిచి ఫోన్‌లో రాసుకోండి: వీధి తలుపు వెడల్పు, పడకగది తలుపు వెడల్పు, మెట్ల మలుపు దగ్గర ఉన్న జాగా. పడకగది తలుపు సాధారణంగా వీధి తలుపు కన్నా ఇరుకుగా ఉంటుంది. తలుపు రెక్కను వదిలేసి, అది తెరిచాక మిగిలే ఖాళీని కొలవాలి. అమ్మే మనిషిని పొడవు, లోతు, ఎత్తు అడగండి. సోఫా లోతు, ఎత్తుల్లో ఏది తక్కువో అది తలుపు ఖాళీ కన్నా తక్కువగా ఉంటే, పక్కకు తిప్పి లోపలికి తేవచ్చు. కాళ్లు స్క్రూలతో విప్పేవైతే ఇంకో రెండు మూడు అంగుళాలు కలిసొస్తాయి.

చిన్న లోపాలున్న చెక్క సామాను వదులుకోకండి. సొరుగు బిగుసుకుపోతే పట్టాల మీద కొవ్వొత్తి మైనం రుద్దండి, జారుతుంది. స్క్రూ రంధ్రం వదులైతే అగ్గిపుల్ల ముక్కను చెక్క జిగురులో ముంచి రంధ్రంలో దూర్చి, ఆరాక మళ్లీ బిగించండి. కుర్చీ కాలు కదులుతుంటే అతుకులో జిగురు పోసి, తాడుతో గట్టిగా చుట్టి ఒక రోజంతా వదిలేయండి.

6. ఒక ఇంటి లెక్క చూద్దాం

నలుగురు కలిసి రెండు పడకగదుల ఇల్లు తీసుకున్నారనుకుందాం. ఒకరిది ఖమ్మం, ఒకరిది తెనాలి, ఇద్దరిది కరీంనగర్. వచ్చిన రెండో రోజే ఒక సీనియర్ ఫోన్ చేశాడు. “తమ్ముడూ, ఇంట్లో ఉన్నదంతా 900కి ఇచ్చేస్తా. మీకు వెతుక్కునే బాధ ఉండదు” అన్నాడు. జాబితాలో నాలుగు పాత పరుపులు, సోఫా సెట్టు, టీవీ స్టాండు, డైనింగ్ టేబుల్, మైక్రోవేవ్, వాక్యూమ్ క్లీనర్ ఉన్నాయి.

తీసుకోవచ్చా? ముందు ప్రతి వస్తువు పక్కన విడి ధర రాయాలి. పరుపులు పాతవి కాబట్టి వాటి విలువ మనకు సున్నా. టీవీ లేదు కాబట్టి స్టాండు అక్కరలేదు. మిగిలినవాటిలో డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు 60, మైక్రోవేవ్ 20, వాక్యూమ్ 25 చేస్తాయి. మొత్తం 105. “అన్నా, ఈ మూడూ 105కి ఇస్తావా? సోఫా సంగతి వచ్చి చూసి చెబుతాం” అని అడిగితే పోయేదేముంది? లీజు ముగియడానికి వారం ఉన్న మనిషి సాధారణంగా ఒప్పుకుంటాడు. ఆ అన్న చెడ్డవాడేం కాదు, ఆయనకు ఇల్లు ఖాళీ కావాలి, అంతే.

ఆరు వారాలయ్యేసరికి వీళ్ల ఖర్చు ఇలా తేలింది. ఒక్కొక్కరికి కొత్త పరుపు 110, పాత ఇనుప మంచం చట్రం 25, చదువుకునే బల్ల 25, కుర్చీ 20. మొత్తం 180. ఉమ్మడి ఖర్చులో సీనియర్ దగ్గరి మూడు వస్తువులు 105, సోఫా 50, నిలువు ల్యాంపులు రెండు బల్బులతో సహా 20, షవర్ కర్టెన్లు రెండు 20, గిన్నెల రాక్ 15, ఒక రోజుకు ట్రక్కు అద్దె, పెట్రోలు కలిపి 70. అన్నీ కలిపితే 280, నలుగురికి పంచితే 70. అంటే తలా 250 డాలర్లు.

ఈ లెక్కలో గమనించాల్సింది ట్రక్కు సంగతి. అద్దె ట్రక్కుల బోర్డు మీద రాసిన ధర మొదలు మాత్రమే. దానికి మైలుకింత, బీమా, పెట్రోలు కలుస్తాయి. బల్ల కోసం ఒకరోజు, సోఫా కోసం ఇంకోరోజు బండి తీస్తే రవాణా ఖర్చే సామాను ధరను మించుతుంది. అందుకే వీళ్లు అమ్మేవాళ్లందరినీ ఒకే శనివారానికి ఒప్పించి, లైసెన్సు ఉన్న సీనియర్‌ను తోడు తీసుకుని, దూరంగా ఉన్న ఇంటి నుంచి మొదలుపెట్టి దగ్గరికి వస్తూ అన్నీ ఒకే తిరుగుడులో తెచ్చుకున్నారు.

డబ్బు ఇచ్చేటప్పుడే ఇంకో మాట తేల్చుకోవాలి. ఉమ్మడి వస్తువు ఎవరిది? ఆరు నెలల తర్వాత ఒకరు వెళ్లిపోతే సోఫాలో ఆయన వాటా ఏమవుతుంది? తేలికైన పద్ధతి ఏమిటంటే, ప్రతి ఉమ్మడి వస్తువును ఒక్కొక్కరు సొంతంగా కొనడం. సోఫా, కర్టెన్లు ఒకరివి, టేబుల్, కుర్చీలు ఒకరివి. వెళ్లేటప్పుడు ఎవరిది వాళ్లు అమ్ముకుంటారు. స్నేహంలో లెక్కలు అడ్డురావు.

7. సామాను వచ్చింది. మరి ఇల్లులా ఎప్పుడు అనిపిస్తుంది?

నాలుగు ఇళ్ల నుంచి వచ్చిన వస్తువులు ఒకచోట చేరితే గోడౌన్‌లా కనిపిస్తుంది. దాన్ని మార్చేవి ఖరీదైన అలంకరణలు కావు. వెలుతురు, బట్ట, కూర్చునే చోటు. ఈ మూడూ చూసుకుంటే చాలు.

*వెలుతురు.* హాల్లో స్విచ్ వేస్తే ఏమీ వెలగడం లేదన్నాం కదా. అది పాడైపోలేదు. అక్కడి చాలా ఇళ్లలో హాలు పైకప్పుకు లైటు ఉండదు. గోడమీది స్విచ్ కింద ఉన్న ఒక ప్లగ్ పాయింటుకు కలిసి ఉంటుంది, తరచు అందులోని రెండు సాకెట్లలో ఒకదానికి మాత్రమే. ఫోన్ చార్జర్ పట్టుకుని, స్విచ్ వేసి తీస్తూ ఒక్కొక్కటీ చూస్తే ఏదో తెలుస్తుంది. నిలువు ల్యాంపును అందులో పెట్టండి. గుమ్మంలో అడుగుపెట్టి స్విచ్ నొక్కగానే హాలు వెలుగుతుంది. బల్బు డబ్బా మీద 2700కె అని ఉంటే పసుపు ఛాయ వెలుగు, అది హాలుకు. 800 ల్యూమెన్లు ఉంటే పాత అరవై వాట్ల బల్బంత. చదువుకునే బల్ల మీదకు 4000కె దరిదాపుల్లోది తీసుకోండి. పాత ల్యాంపు కొనేటప్పుడు వైరు పగిలిందా, ప్లగ్ దగ్గర నల్లబడిందా చూసి, అక్కడే వెలిగించి తీసుకోండి. గది వేడి చేసే పాత హీటర్లు మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

*బట్ట.* సూట్‌కేసులో రెండు పోచంపల్లి దుప్పట్లకు చోటు దొరికిందా? ఒకటి సోఫా మీద కప్పండి. రెండోదాన్ని కత్తిరించి బల్ల మీదికి గుడ్డగానూ, రెండు దిండు గలీబులుగానూ కుట్టుకోండి. ఒకే రంగు, ఒకే నేత గదిలో మూడు చోట్ల కనిపించగానే వేరువేరు ఇళ్ల వస్తువులు ఒక కుటుంబంలా కుదురుకుంటాయి. అమ్మ పాత నూలు చీర కిటికీకి కట్టినా అదే పని చేస్తుంది. కిటికీకి ప్లాస్టిక్ పట్టీల తెర సాధారణంగా ముందే ఉంటుంది కాబట్టి పగలు వెలుగును ఆపాలన్న బాధ్యత చీరకు లేదు.

*కూర్చునే చోటు.* నలుగురికీ సోఫా కావాలని ఎవరు చెప్పారు? మనకు కింద కూర్చుని తినే అలవాటుంది. పాతవాటిలో చవగ్గా దొరికే పొట్టి కాఫీ టేబుల్, చుట్టూ నాలుగు కొత్త మెత్తలు వేస్తే ఆదివారం బిర్యానీకి ఎనిమిది మంది కూర్చోవచ్చు. సోఫా ఎత్తులు, డైనింగ్ టేబుల్ వెడల్పులు తెచ్చిపెట్టే తలనొప్పి తప్పుతుంది.

దేవుడి మూల పెట్టుకోవాలనుకుంటే చెక్క అల్మారా పై అర సరిపోతుంది. దీపం స్టీలు పళ్లెంలో పెట్టి, వెలుగుతున్నంతసేపూ దగ్గరే ఉండండి. కర్పూరం, అగరొత్తుల పొగ సరిగ్గా పొగ అలారం కింద వద్దు. చాలా లీజుల్లో మంట గురించి నిబంధన ఉంటుంది, అదీ చూసుకోండి. గోడకు మేకులు కొట్టే బదులు అంటించే కొక్కేలు వాడండి. తీసేటప్పుడు వాటి పట్టీని మీవైపు కాకుండా గోడ వెంట నిదానంగా కిందికి లాగాలి. అలా చేస్తే రంగు ఊడదు, డిపాజిట్ కోయరు.

8. ఎక్కువమంది చేసే మూడు పొరపాట్లు

మొదటిది, ఉచితం అనగానే తెచ్చుకోవడం. ఉచితంగా వచ్చిన పెద్ద అల్మారాను వదిలించుకోవడానికి చివర్లో డబ్బు కట్టాల్సి రావచ్చు. చెత్త డబ్బా పక్కన పెద్ద సామాను వదిలేస్తే చాలా అపార్ట్‌మెంట్లు జరిమానా వేస్తాయి. తెచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని వెళ్లేటప్పుడు ఇంకొకరు కొంటారా?

రెండోది, పొడవైన సొరుగుల బీరువాను గోడకు బిగించకుండా వాడటం. పై సొరుగులన్నీ ఒకేసారి లాగితే అది ముందుకు పడవచ్చు. మేనేజర్‌ను అడిగి గోడకు పట్టీ వేయించండి. వద్దంటే నడుమెత్తు దాటని పొట్టిది కొనండి. బరువైన పుస్తకాలు కింది సొరుగులో పెట్టండి.

మూడోది, సామాను లోపలికి తెచ్చాక ఫొటోలు తీయడం. ఖాళీ ఇంట్లోనే కార్పెట్ మరకలు, గోడ గీతలు, బాత్రూమ్ మూలలు ఫొటో తీసి, ఆఫీసువాళ్లిచ్చే కండిషన్ ఫారంలో రాసి, గడువులోగా ఇవ్వండి. కాపీ మీ మెయిల్‌లో ఉంచుకోండి. బల్ల జరిపాక కనిపించిన పాత మరకను మీది కాదని ఎలా రుజువు చేస్తారు?

9. అమ్మే రోజును ఇప్పుడే గుర్తుంచుకోండి

పాత సామానులో ఉన్న గొప్ప లాభం ఏమిటో తెలుసా? అది ఇక పెద్దగా ధర కోల్పోదు. పాతిక డాలర్లకు కొన్న బల్లను శుభ్రంగా వాడుకుంటే రెండేళ్ల తర్వాత ఇరవైకి అమ్ముడుపోవచ్చు. దానికి ముందే చేయాల్సిన పనులు చిన్నవి. విప్పిన ప్రతి స్క్రూనూ కవరులో వేసి, ఆ బల్ల అడుగునే టేపుతో అంటించండి. కొలతలు రాసి ఉంచుకోండి. లీజు ముగియడానికి మూడు వారాల ముందు, పగటి వెలుగులో ఫొటోలు తీసి గ్రూపులో పెట్టండి. ఆఖరి రెండు రోజుల్లో పెడితే ధర మీ చేతిలో ఉండదు. లోపం ఉంటే మీరే చెప్పండి. కొనేది మీ వెనక వచ్చిన తమ్ముడో చెల్లెలో, వాళ్లకూ ఇది మొదటి ఇల్లే.

ఈ వారం మీ పని

ఈ రాత్రి టేపు తీసుకుని తలుపులు, మెట్ల మలుపు, పరుపు వేయబోయే గోడ కొలవండి. హాల్లో స్విచ్‌కు కలిసిన ప్లగ్ ఏదో కనిపెట్టండి. ఒక కాగితం మీద మూడు గీతలు గీసి ‘ఈ వారం’, ‘ఈ నెల’, ‘ఆగవచ్చు’ అని రాసి, కావలసినవన్నీ వాటి కింద సర్దండి. ‘ఆగవచ్చు’ కింద రాసినవాటిని నాలుగు వారాల తర్వాత మళ్లీ చూడండి. సగం కొట్టేస్తారు. మిగిలిన సగం కోసం ఒక శనివారం, ఒక ట్రక్కు, ఒక టార్చి, ఇద్దరు స్నేహితులు చాలు.